ముప్పై సెకన్లలో ‘గోపల్ల గ్రామం’

పోయిన దసరా సెలవలకి పిల్లలంతా ఇంటికొచ్చినప్పుడు, మా తమ్ముడి కూతురు ఒక మాట అంది. తను తొమ్మిదో తరగతి. “పెద్దమ్మా, మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక్క పుస్తకం గురించైనా ఎవరూ షార్ట్ పెట్టరెందుకు? అన్నీ హైదరాబాద్ తెలుగే” అని. ఫోనులో చూపించింది కూడా. ముప్పై సెకన్లలో ఒక పుస్తకం పేరు, అందులో ఉన్న ముఖ్యమైన మాట ఒకటి, అది ఎందుకు చదవాలో ఒక్క కారణం, అంతే. అయితే మనమే ఒకటి చేద్దాం అన్నాం. ఒక సాయంత్రం పని అనుకున్నాం, తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో ఏం తప్పులు చేశామో, ఎక్కడ దారి దొరికిందో రాసిపెడితే, మనలాంటి ఇంకో ఇంట్లో పిల్లలు అడిగినప్పుడు పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

పుస్తకం ఏదన్నది మాత్రం మాకు వెదుక్కునే పని పడలేదు. మా ఇళ్ళల్లో పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడిలో తమిళం, ఇంగ్లీషు. కాబట్టి తెలుగు పుస్తకం గురించి ఎంత బాగా చెప్పినా వాళ్ళు దాన్ని తెరిచేది లేదు. వినడానికి తెలుగు, చదవడానికి తమిళం, ఇదీ మా పిల్లల పరిస్థితి. ఈ రెండూ ఒకేచోట కలిసే పుస్తకం మా బీరువాలోనే ఉంది. కి. రాజనారాయణన్ రాసిన ‘గోపల్ల గ్రామం’. తమిళంలో రాసిన నవల, రాసినాయన ఇంటి భాష తెలుగు, కథ తెలుగు నేల వదిలి తమిళ నేలకి వచ్చినవాళ్ళది.

తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. కి.రా.ది కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే ఊరు. ఎక్కువ చదువుకోలేదు, వ్యవసాయం చేసిన మనిషి. కరిసల్ నేల, అంటే మన నల్లరేగడి, ఆ నేల మనుషుల మాటతీరునే సాహిత్యంలోకి తెచ్చాడు, ఆ మాటలకి ఒక నిఘంటువు కూడా కూర్చాడు. తర్వాతి కాలంలో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి జానపద కథల పని అప్పజెప్పింది. ‘గోపల్ల గ్రామం’ 1976లో వచ్చింది. దానికి కొనసాగింపుగా రాసిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2021 మే నెలలో పుదుచ్చేరిలోనే కన్నుమూశాడు.

ఇదంతా మాకు తెలుసు కాబట్టి ఇదంతా చెప్పేయాలనుకున్నాం. మొదటి తప్పు అదే.

మొదటిరోజు రాసిన కాగితం ఇంకా ఉంది. ఆయన ఊరు, పురస్కారం, నల్లరేగడి, చెన్నాదేవి అనే అందమైన పిల్ల, ఆ పిల్లని కోరిన పాలకుడు, రాత్రికి రాత్రి ఊరు వదిలిన బంధువర్గం, అడవి తగలబెట్టి చేసుకున్న పొలాలు, కోట్టైయార్ల ఇల్లు, చివర తెల్లవాళ్ళ పాలన రావడం, అన్నీ ఉన్నాయి. మా చిన్నది గడియారం పెట్టుకుని చదివితే ఒక నిమిషం ఐదు సెకన్లు వచ్చింది. “వేగంగా చదువుతా” అని మళ్ళీ చదివితే నలభై ఎనిమిది. విన్న మా వాళ్ళకి ఒక్కటీ బుర్రలో నిలవలేదు. పక్కన కూచుని వత్తులు చేసుకుంటున్న అవ్వ, “ఏమి సామీ, రైలు పొయ్యేలోపల చెప్పల్లనా?” అంది.

అప్పుడు మాకు లెక్క తెలియాల్సి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు ముప్పై సెకన్లకి డెబ్భై అయిదు మాటలదాకా పెట్టుకోవచ్చని చెబుతారు. ఆ లెక్క మనకి నప్పదు. మన మాట పొడుగు. ‘వచ్చినవాళ్ళకి’ అన్నది మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో అదే నాలుగు మాటలు. మా చిన్నదాని గొంతుకి, ఆయాసం లేకుండా, వాక్యానికి వాక్యానికి మధ్య ఊపిరి పీల్చుకుంటూ చదివితే ముప్పై సెకన్లకి యాభై మాటలు పట్టాయి. యాభై అయిదు దాటితే పరుగు మొదలవుతుంది. మాటల్లో పేర్లు ఎక్కువుంటే ఇంకా తగ్గించాలి, ఎందుకంటే కొత్త పేరు వినగానే వినేవాళ్ళు దాన్ని పట్టుకోడానికి ఒక క్షణం ఆగుతారు, చెప్పేవాళ్ళు ఆగరు. అందుకని మేము పెట్టుకున్న నియమం, పుస్తకం పేరు, రాసినాయన పేరు తప్ప ఇంకో పేరు ఉండకూడదు. చెన్నాదేవి, కోట్టైయార్లు, కోవిల్‌పట్టి అన్నీ పోయాయి.

యాభై మాటలంటే అయిదారు వాక్యాలు. అందులో ఒకటి పిలుపుకి, ఒకటి పుస్తకం పేరుకి, ఒకటి కారణానికి పోతే, పుస్తకంలో ఏముందో చెప్పడానికి మిగిలేవి రెండు వాక్యాలు. అక్కడ అసలు చిక్కు వచ్చింది.

రెండో కాగితంలో మేము పెట్టుకున్న రెండు వాక్యాలు ఇలా ఉండినాయి. ఒక పిల్ల అందం మీద ఒక తురక రాజు కన్ను పడింది, మానం కాపాడుకోడానికి మనవాళ్ళు రాత్రికి రాత్రి కట్టుబట్టలతో వచ్చేశారు. వినడానికి పట్టు ఉంది. సరిగ్గా ఇరవై తొమ్మిది సెకన్లు. ఫోనులో తీసి మా బంధువుల గుంపులో పెడితే పది నిమిషాల్లో ఇరవైమంది మెచ్చుకున్నారు. మదురైలో ఉండే ఒక బావ మన కులం పౌరుషం గురించి పెద్ద ఉపన్యాసమే రాశాడు. మాకూ గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

మరునాడు మా చిన్నదాని స్నేహితురాలు వచ్చింది. ఇద్దరూ ఒకే తరగతి. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడతారు, వాళ్ళూ మనలాగే ఎన్నో తరాలుగా ఇక్కడే. చిన్నప్పట్నుంచి మా ఇంట్లో తిరిగిన పిల్ల, మన తెలుగు అర్థమవుతుంది. మా చిన్నది సంబరంగా వీడియో చూపించింది. ఆ పిల్ల రెండుసార్లు చూసింది. చూసి, తమిళంలో మెల్లగా అడిగింది, “ఆంటీ, ఆ పుస్తకంలో మేము ఇంతేనా?” అని.

మా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడానికి కారణం, ఆ పుస్తకంలో ఏముందో మేము చెప్పలేదు, ఒక సంఘటన చెప్పాం. ఆ సంఘటన పుస్తకంలో ఉంది, కాదనం. కానీ అది పుస్తకం కాదు. ఆ రాత్రే వీడియో తీసేశాం. తీసేస్తే మదురై బావకి కోపమొచ్చింది. “ఉన్నదే కదా చెప్పారు, ఎవరికో నొప్పి అని తీసేస్తారా?” అని ఫోను చేశాడు. నొప్పి ఒక్కటే కారణమైతే బావతో వాదించేవాళ్ళం కాదేమో. మళ్ళీ పుస్తకం తీసి మొదట్నుంచి చదివాం. చదివాక బావకి చెప్పగలిగాం.

మేము గమనించింది ఇది. ఆ వలస కథని నవలలో రచయిత తానుగా చెప్పడు. నూరేళ్ళు దాటిన ఒక ముసలావిడ చెబుతుంది. చుట్టూ ఇంటివాళ్ళు కూచుని వింటారు. ఆవిడకి కూడా అది పాత సంగతి, తన చిన్ననాటిది. అంటే మన చేతికి వచ్చేది శాసనం కాదు, ఒక ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన మాట. అందులో భయం ఉంటుంది, గర్వం ఉంటుంది, మనుషుల మీద కోపం ఉంటుంది, దేవత చేసిన అద్భుతాలుంటాయి. అవ్వలు చెప్పే కథల్లో ఇవన్నీ ఉంటాయి కదా. మేము చేసిన పని ఏమిటంటే, ఆ అవ్వని చెరిపేసి ఆవిడ చెప్పిన మాటని మాత్రం చరిత్ర అన్నట్టు నిలబెట్టాం. ముప్పై సెకన్ల వీడియోలో అన్నిటికన్నా సులువుగా జరిగే తప్పు ఇదేనని ఇప్పుడు మాకు అనిపిస్తుంది. చోటు తక్కువ కాబట్టి ‘ఫలానా ఆవిడ చెబుతుంది’ అన్న ముక్కని మొదట కొట్టేస్తాం. కొట్టేసిన మరుక్షణం ఒక పాత్ర నమ్మకం కాస్తా నిజం అయిపోతుంది.

ఇలాంటి నవలకి ఇంకో ఉచ్చు కూడా ఉంది. కథ మొదట్లోనే ఒక దొంగ, నగల కోసం, నీళ్ళకి దిగిన నిండు గర్భిణిని ముంచి చంపే ఘట్టం వస్తుంది. చదివినవాళ్ళెవరూ మరిచిపోరు. మా తమ్ముడు దాంతో మొదలుపెడదామన్నాడు. “వేలు ఆగిపోతుంది, పైకి జరపరు” అన్నాడు. నిజమే, ఆగుతుంది. కానీ ఆగినవాళ్ళు పుస్తకం తెరిస్తే హత్య కథ కోసం చూస్తారు, దొరికేది ఒక ఊరు. నాలుగో అధ్యాయానికి మూసేస్తారు. పిలిచిన మాటకీ ఇంట్లో పెట్టే భోజనానికీ పొత్తు ఉండాలి. దాన్నీ పక్కన పెట్టాం.

మరి ఆ ఒక్క ముఖ్యమైన మాట ఏది? ‘వలస’ అని ఒకరం అన్నాం. ‘తెలుగువాళ్ళు తమిళనాడుకి రావడం’ అని ఇంకొకరం. ‘పాత పల్లె జీవితం’ అని మా తమ్ముడు. ఇవన్నీ విషయాలే, ఒక్కటీ పుస్తకం చెప్పే మాట కాదు. తేడా కనిపెట్టడానికి మా చిన్నదానికి ఒక చిట్కా తట్టింది. ఆ ముక్కకి ఎదురుగా ఎవరైనా “కాదు” అనగలరా అని చూడాలి. ‘వలస’ అంటే “కాదు” అనడానికి ఏముంది? అదే ‘కష్టపడి దున్నినవాడికే నేల సొంతమవుతుంది’ అంటే, “ఎందుకు? దున్నినా సొంతం కానివాళ్ళు లేరా?” అని ఎవరైనా అడగొచ్చు. అడగడానికి వీలున్నదే ఆలోచన. అడగడానికి వీల్లేనిది అట్ట మీద ముద్రించే మాట.

ఆ చిట్కా పట్టుకుని మళ్ళీ కూచున్నాం. నవలలో వచ్చినవాళ్ళు అడవికి నిప్పు పెడతారు, నేల చదును చేస్తారు, విత్తుతారు, ఇళ్ళు కడతారు. కాబట్టి మొదట రాసుకున్నది, చెమటోడ్చి ఊరు కట్టుకున్నారు అని. కానీ అది పుస్తకంలో సగమే. ఎన్ని పంటలు పండినా, ఎన్ని ఇళ్ళు లేచినా, అవ్వ కూచుని వచ్చిన దారి చెబుతున్నప్పుడు మాత్రమే ఆ ఇంట్లో చిన్నవాళ్ళకి తామెవరో తెలుస్తోంది. నేల పని ఒక్క తరంతో అయిపోయింది, చెప్పే పని అయిపోలేదు. మేము చదువుకున్నంతలో పుస్తకం నిలబడింది ఈ మాట మీద. వచ్చినవాళ్ళకి ఆ నేల సొంతమైంది అడవిని కాల్చినందుకు మాత్రమే కాదు, వచ్చిన దారిని చెప్పుకుంటూ వచ్చినందుకు. దీనికి ఎవరైనా “కాదు” అనొచ్చు. మా తమ్ముడే అన్నాడు, “పట్టా ఉంటేనే సొంతం, కథలకి ఎవడిస్తాడు?” అని. అరగంట వాదన జరిగింది. అప్పుడే అనుకున్నాం, ఇది సరైన వాక్యమని.

పైగా ఆ వాక్యంలో అవ్వ తిరిగి వచ్చింది. ఎవరో పాలకుడు ఏం చేశాడన్నది కాదు, ఒక ఇల్లు దాన్ని ఎలా గుర్తు పెట్టుకుంది అన్నది ముందుకొచ్చింది. స్నేహితురాలు అడిగిన ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది. వాళ్ళ ఇంట్లోనూ ఒక దాదీ ఉంది, ఆవిడ దగ్గరా ఒక దారి కథ ఉంది.

ఇక చదవడానికి కారణం. ‘చాలా బాగుంటుంది’, ‘తప్పక చదవాల్సిన పుస్తకం’, ‘పురస్కారం వచ్చిన రచయిత’, ఇవి కారణాలు కావు. వీటిని ఏ పుస్తకానికైనా అతికించొచ్చు. మేము పెట్టుకున్న పరీక్ష, పుస్తకం పేరు మూసేసి కారణం ఒక్కటే చదివితే, ఇంకో పుస్తకానికి సరిపోతే దాన్ని కొట్టెయ్యడం. ఇంకోటి, కారణం పుస్తకం గురించి కాక చదివేవాళ్ళ గురించి ఉండాలి. మా వీడియో చూసేది ఎవరు? ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష ఉన్న పిల్లలు. వాళ్ళకి ఈ పుస్తకం చదివాక చేతికి ఏం వస్తుంది? చాలా ఆలోచిస్తే తేలింది, ప్రశ్నలు వస్తాయి. అవ్వని “మనం ఎక్కడ్నుంచి వచ్చాం?” అని అడిగితే “ఏమో సామీ, ఎప్పుడో” అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. నవల చదివినవాళ్ళు అలా అడగరు. బండ్లలో వచ్చారా, నడిచా? ఏ దేవుణ్ణి వెంట తెచ్చుకున్నారు? మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు? దారిలో ఎవరు చచ్చిపోయారు? నీళ్ళు ఎవరిచ్చారు? ఇలా అడుగుతారు. ఇలా అడిగితే ముసలివాళ్ళు నోరు విప్పుతారు.

ఆఖరికి నిలిచిన కాగితం ఇది, సరిగ్గా యాభై మాటలు.

“మీ ఇంట్లో ముసలివాళ్ళు చెప్పే వలస కథని ఎవరైనా రాసి పెట్టారా? కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన ‘గోపల్ల గ్రామం’లో నూరేళ్ళు దాటిన ఒక అవ్వ అలాంటి కథే చెబుతుంది. వచ్చినవాళ్ళకి ఆ నేల సొంతమైంది అడవిని కాల్చినందుకు మాత్రమే కాదు, వచ్చిన దారిని చెప్పుకుంటూ వచ్చినందుకు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అయిన మనకి, మన అవ్వని ఏం అడగాలో ఈ పుస్తకం నేర్పుతుంది. ఆవిడ ఉండగానే చదవండి.”

గడియారంతో చూస్తే ఇలా పడింది. మొదటి ప్రశ్నకి అయిదు సెకన్లు. పుస్తకం పేరు, రచయిత, అవ్వ, వీటికి ఎనిమిది. ముఖ్యమైన మాటకి ఎనిమిది. కారణానికి ఆరు. చివరి మూడు మాటలకి ముందు ఒక సెకను మౌనం, తర్వాత ఆ మూడు మాటలు. ఆ మౌనాన్ని తీసేద్దామని మా తమ్ముడు అన్నాడు, చోటు కలిసొస్తుందని. తీసి చూస్తే చివరి వాక్యం ముందు వాక్యంలో కలిసిపోయి, వినిపించకుండా పోయింది. మళ్ళీ పెట్టాం. పుస్తకం పేరుని మొదటి మాటగా పెట్టకపోవడం కూడా కావాలనే. పేరు తెలియనివాళ్ళకి పేరుతో పని లేదు, ముందు ప్రశ్న తగలాలి. కానీ మరీ చివరికి నెట్టినా లాభం లేదు, సగంలో వదిలేసినవాళ్ళకి పేరైనా చేరాలి కదా.

ఇక తీయడం. ఫోను నిలువుగా, కిటికీ వెలుగు ముఖం మీద పడేలా. మొదటిసారి కిటికీకి వీపు పెట్టి కూచోబెడితే పిల్ల ముఖం నల్లగా వచ్చింది. ధ్వని ఇంకా పెద్ద తలనొప్పి. మా చెవికి వినపడని ఫ్యాను చప్పుడు ఫోనుకి వినిపిస్తుంది. ఒకసారి కుక్కరు కూత, ఒకసారి వీధిలో పాలాయన గంట. కడకు బట్టల బీరువా తలుపులు తెరిచి, దాని ముందు కూచుని, ఫోను జానెడు దూరంలో పెట్టి గొంతు విడిగా రికార్డు చేశాం. వేలాడే చీరలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. తర్వాత ఆ గొంతుని బొమ్మకి జత చేశాం.

తెర మీద రాత దగ్గర రెండు సంగతులు. వీడియో కింది భాగంలో పేరూ బొత్తాలూ వచ్చి కప్పేస్తాయి, కాబట్టి రాత నడుమ కంటే కొంచెం పైన ఉండాలి. రెండోది మన లిపికే ఉన్న చిక్కు. రాత వెనక రంగు పట్టీ పెడితే, ఆ పట్టీ ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి కొలిచి ఉంటుంది, మన వత్తులు కింద తెగిపోతాయి. ‘గోపల్ల’లో ల వత్తు తెగి ‘గోపల’ అయింది. పట్టీ తీసేసి, వరుసల మధ్య దూరం పెంచితే సరిపోయింది. ఫోను తనంతట తాను రాసే రాతని నమ్మొద్దు, మా తెలుగు యాస దానికి పట్టుబడలేదు, చేత్తోనే కొట్టుకున్నాం. అది కూడా చెప్పే యాభై మాటలూ కాదు. పుస్తకం పేరు మాత్రం తెలుగులోనూ తమిళంలోనూ పెట్టాం, పిల్లలు దుకాణంలో అడగాల్సింది తమిళం పేరుతోనే కదా. మిగతాది గొంతుకే వదిలేశాం. బొమ్మగా పిల్ల ముఖం, పుస్తకం అట్ట, అవ్వ చేతులు వత్తులు చేస్తూ, ఈ మూడే. పుస్తకంలోంచి ఒక్క వాక్యమూ చదివి వినిపించలేదు, అది రచయిత సొత్తు.

అయ్యాక పరీక్ష పెట్టాం. చూసినవాళ్ళని “బాగుందా?” అని అడిగితే అందరూ బాగుందంటారు, దానివల్ల ఏమీ తెలియదు. ఒక్కసారి చూపించి, ఫోను తీసేసుకుని, “ఆ పుస్తకం ఏమంటోంది?” అని అడగాలి. చూసినవాళ్ళు రచయిత గురించి చెబితే, పరిచయం ఎక్కువైందని అర్థం. కథ చెప్పడం మొదలుపెడితే, సంఘటన మింగేసిందని అర్థం. ఆరో తరగతి చదివే మా మేనల్లుడు అన్నాడు, “వచ్చిన కథ మరిచిపోతే ఊరు మనది కాదంట.” కొంచెం వంకరగా ఉన్నా చేరింది. మదురై బావ, “పౌరుషం పోయిందే” అన్నాడు గానీ, పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఇంతకాలం ఆయన దాన్ని చదవనే లేదన్నమాట. స్నేహితురాలు ఏమీ అనలేదు. వారం తర్వాత మా ప్రతి తీసుకెళ్ళింది, ఇంకా తిరిగివ్వలేదు.

దీనికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. కి.రా. రాతలో నవ్వు ఉంటుంది. పెద్ద కష్టం చెబుతూ పక్కనే ఒక చిలిపి మాట పడేస్తాడు. ఆ రుచి మా యాభై మాటల్లో ఒక్క చుక్క కూడా లేదు. పెట్టాలని చూశాం, ముప్పై సెకన్లలో నవ్వు పెడితే ముఖ్యమైన మాట తేలిపోయింది. చూసినవాళ్ళు ఇది బరువైన పుస్తకం అనుకునే ప్రమాదం ఉంది. అది మా వీడియో లోపం, పుస్తకానిది కాదు.

వీడియో పెట్టిన సాయంత్రం, మా చిన్నది వెళ్ళి అవ్వ మంచం పక్కన కూచుంది. “అవ్వా, మనవాండ్లు వచ్చేటప్పుడు మొదటి రాత్రి ఎక్కడ పండుకున్నారంట?” అని అడిగింది. ఇన్నేళ్ళూ “ఏమో” అన్న మనిషి వత్తులు పక్కన పెట్టింది. “మా అత్త చెప్పేది” అని మొదలుపెట్టింది. రాజూ లేడు, రాకుమారీ లేదు. కరువు. రెండు బండ్లు, మూడు ఎద్దులు. ఒక బండికి ఒకే ఎద్దు, రెండో పక్క మనిషి భుజం పెట్టినాడంట. చింతచెట్టు కింద మొదటి రాత్రి. ఎవరో దర్గా దగ్గర బావిలో నీళ్ళు తోడుకోనిచ్చినారంట, ఆ ఇంటోళ్ళ పేరు కూడా మా అత్తకి తెలుసు, నేనే మరిచిపోతిని, అంది అవ్వ.

మా చిన్నది ఫోను అప్పటికే రికార్డులో పెట్టింది. నలభై ఒక్క నిమిషాలు వచ్చింది. దాన్ని మాత్రం కత్తిరించేది లేదని అందరం అనుకున్నాం.